తల్లీకూతుళ్ళకు ఒకే టి-స్కోరు వచ్చినా అర్థం ఒకటి కాదు

ప్రశ్న: నా వయసు 34. ఎత్తు 149 సెం.మీ., బరువు 43 కిలోలు. బాబుకు ఏడాది నిండింది, పాలు మాన్పించి నాలుగు నెలలైంది. ఆరు నెలలుగా నడుము నొప్పి ఉంటే ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించారు. వెన్ను టి-స్కోరు −2.7, జడ్-స్కోరు −2.6, తుంటి టి-స్కోరు −1.9 వచ్చాయి. కింద ‘ఆస్టియోపొరోసిస్’ అని ఉంది. మా అమ్మకు 66 ఏళ్ళు. ఆమె వెన్ను టి-స్కోరు −2.6, జడ్-స్కోరు −0.8. ఆమె రిపోర్టులోనూ అదే మాట. వారానికి ఒకసారి వేసుకునే మాత్ర ఇద్దరికీ రాశారు. మా ఇద్దరిదీ ఒకే జబ్బా? నేను కూడా ఆ మాత్ర మొదలుపెట్టాలా?

సమాధానం:

అమ్మగారి రిపోర్టుకు ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారి సులువుగా విరిగే జబ్బు, అన్న పేరు సరిపోతుంది. మీ రిపోర్టుకు ఇప్పటికైతే సరిపోదు. మీ వయసులో ఆ కాగితం మీద రాయవలసిన వాక్యం ‘ఎముక సాంద్రత వయసుకు ఉండవలసిన స్థాయి కన్నా తక్కువగా ఉంది’ అని మాత్రమే. అది జబ్బు పేరు కాదు, వెతకమని చెప్పే సూచన. మాత్ర సంగతి తరువాత. ముందు మీ వెన్నుపూసల్లో ఏదైనా కుంగిందేమో చూడాలి, సాంద్రతను తగ్గించే వేరే జబ్బు లోపల ఉందేమో చూడాలి. ఈ రెండూ తేలకుండా నేనైతే మీకు ఆ మాత్ర రాయను.

ఎండోక్రైనాలజీ విభాగంలో చాలా ఏళ్ళుగా ఇలాంటి కాగితాలే చదువుతున్నాను. మిమ్మల్ని చూడకుండా రాస్తున్నాను కాబట్టి దీన్ని మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు అడగవలసిన ప్రశ్నల కింద వాడుకోండి.

ముందుగా ఆ అంకెలు ఎలా పుడతాయో చూద్దాం. యంత్రం నిజంగా కొలిచేది ఒక్కటే: చదరపు సెంటీమీటరు ఎముక నీడలో ఎన్ని గ్రాముల ఖనిజం ఉందో. మిగతాదంతా తీసివేత, భాగహారం. మీ అంకెను ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోలిస్తే టి-స్కోరు వస్తుంది. మీ వయసువాళ్ళ సగటుతోనే పోలిస్తే జడ్-స్కోరు వస్తుంది. లెక్క తేలికగా ఉండడానికి, ఒక యంత్రంలో నడుము వెన్నుకు యువతుల సగటు 1.05, ప్రామాణిక విచలనం 0.11 అనుకుందాం. మీ సాంద్రత 0.755 అయితే:

```
(0.755 − 1.05) ÷ 0.11 = −2.7
```

అమ్మగారి సాంద్రత 0.765 అయితే ఇదే లెక్కలో ఆమె టి-స్కోరు −2.6. ఇక్కడిదాకా ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. ఇప్పుడు వయసువాళ్ళతో పోల్చండి. 66 ఏళ్ళ స్త్రీల సగటు ఆ యంత్రంలో సుమారు 0.85 అనుకుంటే, 0.765లోంచి 0.85 తీసివేసి 0.11తో భాగిస్తే −0.8 వస్తుంది. అంటే ఆమె తన ఈడువాళ్ళ గుంపులో కాస్త దిగువన ఉన్నారు, అంతే. మీ ఈడువాళ్ళ సగటు మాత్రం యువతుల సగటుకు దాదాపు సమానం. ముప్పైలలో వయసు వల్ల పోయేది చాలా తక్కువ. అందుకే మీకు టి, జడ్ రెండూ ఇంచుమించు ఒకే అంకె చూపిస్తున్నాయి. మీరు ఈడువాళ్ళలో దాదాపు అట్టడుగున ఉన్నారు. వందమందిని వరసగా నిలబెడితే చివరి ఒకరిద్దరిలో మీరుంటారు. అమ్మగారి తగ్గుదలలో ఎక్కువ భాగానికి వయసు, బహిష్టులు ఆగిపోవడం జవాబు చెబుతాయి. మీ తగ్గుదలకు వయసు జవాబు చెప్పదు. మీ ఇద్దరి కాగితాల్లో తేడా అంతా ఇక్కడే ఉంది.

మరి టి-స్కోరు −2.5కి దిగితే ఆస్టియోపొరోసిస్ అనే గీత నాకెందుకు వర్తించదు అంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఆ గీత గీసినప్పుడు దృష్టిలో పెట్టుకున్నది బహిష్టులు ఆగిపోయిన స్త్రీలను. వాళ్ళలో సాంద్రత ఎంత తగ్గితే ఎముకలు ఎంతగా విరుగుతాయో అప్పటికే బాగా తెలుసు. తరువాత 50 ఏళ్ళు దాటిన పురుషులకూ దాన్నే వాడుతున్నారు. ముప్పైలలో ఉన్నవాళ్ళకు ఆ సంబంధం అలా అతకదు. ఒకే సాంద్రత ఉన్న 34 ఏళ్ళ మనిషికీ 66 ఏళ్ళ మనిషికీ రాబోయే పదేళ్ళలో ఎముక విరిగే అవకాశం ఒకేలా ఉండదు. పెద్ద వయసులో ఎముక లోపలి అల్లిక సన్నబడి తెగిపోతూ ఉంటుంది. తూలి పడడం ఎక్కువవుతుంది, పడేటప్పుడు చేయి ఆనించుకునే చురుకు తగ్గుతుంది. స్కోరులో ఇవేవీ కనిపించవు. వయసు అనే ఒక్క అంకె వీటన్నిటినీ మోస్తుంది.

అందుకే బహిష్టులు వస్తున్న స్త్రీలకూ, 50 ఏళ్ళలోపు పురుషులకూ జడ్-స్కోరు చూడాలన్నది అంతర్జాతీయంగా పాటించే పద్ధతి. జడ్-స్కోరు −2.0 గానీ అంతకన్నా కింద గానీ ఉంటే ‘వయసుకు ఉండవలసిన స్థాయి కన్నా తక్కువ’ అనాలి. అంతకు పైన ఉంటే ‘వయసుకు తగినంత’ అనాలి. ఆస్టియోపొరోసిస్‌కు ముందు మెట్టుగా చెప్పే ‘ఆస్టియోపీనియా’ అన్న మాటే ఈ వయసులో వాడకూడదు. ఇక ‘ఆస్టియోపొరోసిస్’ అనాలంటే స్కోరు ఒక్కటే చాలదు. చిన్న దెబ్బకే ఎముక విరిగి ఉండాలి, లేదా ఎముకను తినేసే కారణం ఏదో బయటపడి ఉండాలి.

ఇంత స్పష్టంగా ఉన్నా మీ కాగితం మీద ఆ మాట ఎలా పడింది అంటారా? చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ టి-స్కోరు చూసి దానంతటదే ఆ మాట అచ్చువేస్తుంది. కింద సంతకం పెట్టేవారు పుట్టిన తేదీ చూసి దాన్ని కొట్టివేయాలి. రోజుకు యాభై రిపోర్టులు చూసేచోట అది జరగదు. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి, రిపోర్టులో ఆ ఒక్క మాట చూసి, మెట్లెక్కడం కూడా మానేసి మా దగ్గరికి వచ్చిన రోజులున్నాయి.

ఇంకో సంగతి మీ ఎత్తు. డెక్సా నీడను కొలుస్తుంది, లోతును కాదు. ఒక ఉదాహరణ చెబుతాను. ఒకే పదార్థంతో రెండు ఘనాలు చేశామనుకోండి. ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము బరువు. ఒకదాని భుజం 2 సెం.మీ., రెండోదానిది 3 సెం.మీ. మొదటిది 8 గ్రాములు, దాని నీడ 4 చదరపు సెంటీమీటర్లు, యంత్రం చెప్పే సాంద్రత 2. రెండోది 27 గ్రాములు, నీడ 9, సాంద్రత 3. పదార్థం ఒకటే, చిన్నదానికి అంకె తక్కువ. 149 సెం.మీ. ఎత్తున్న మీ వెన్నుపూసలు చిన్నవి. కాబట్టి ఆ −2.6లో కొంత భాగం జబ్బు కాదు, మీ శరీర పరిమాణమే. ఎంత భాగమో ఈ కాగితం నుంచి లెక్క తేల్చలేను గానీ, అంతా పరిమాణమే అని కొట్టిపారేయడానికి మాత్రం −2.6 మరీ కిందికి ఉంది.

ఇక మీ ప్రశ్నలో నన్ను ఆపిన వాక్యం: బాబుకు పాలు మాన్పించి నాలుగు నెలలు. బిడ్డకు పాలిచ్చే నెలల్లో తల్లి ఎముకలోంచి కాల్షియం పాలలోకి వెళుతుంది. అది శరీరం తనంతట తాను చేసుకున్న ఏర్పాటే. ఆ కాలంలో వెన్ను సాంద్రత 3 నుంచి 7 శాతం దాకా తగ్గడం మామూలు. పాలు మాన్పించాక ఆరు నెలల నుంచి ఏడాది లోపల చాలామందిలో తిరిగి వస్తుంది. అంటే మీ స్కాన్, చెరువు నీళ్ళు తోడేసి మళ్ళీ నిండకముందే కొలిచినట్టు జరిగింది. 5 శాతం పోయిందనుకుంటే మీ అసలు సాంద్రత 0.795 దగ్గర ఉండేది. ఆ లెక్కన టి-స్కోరు −2.3, జడ్-స్కోరు −2.2 చుట్టుపక్కల ఉండేవి. అంటే పాలివ్వడం ఈ తగ్గుదలలో కొంతే వివరిస్తుంది. మిగతాది అలాగే ఉంది.

పైగా మీకు నడుము నొప్పి ఉంది, అది పాలిచ్చే రోజుల్లోనే మొదలైంది. గర్భం చివరి నెలల్లోనూ పాలిచ్చే తొలి నెలల్లోనూ అరుదుగా కొందరి వెన్నుపూసలు ఏ దెబ్బా తగలకుండానే కుంగుతాయి. బిడ్డను ఎత్తుకోవడం వల్ల వచ్చిన నొప్పే అని అందరూ అనుకుంటారు కాబట్టి అది నెలల తరబడి ఎవరి కంటా పడదు. అందుకే మీరు మొదట చేయించవలసింది రక్తపరీక్ష కాదు, వీపు మధ్యభాగానికీ నడుముకూ పక్కవాటుగా తీసే ఎక్స్‌రే. గర్భం లేదని నిర్ధారించుకున్నాకే తీయించండి. ఒక పూస ముందువైపు ఎత్తు వెనకవైపు కన్నా అయిదోవంతు, అంతకు మించి తగ్గి ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. అప్పుడు మీ వయసులోనూ అది ఆస్టియోపొరోసిసే. మీ ఎత్తు కూడా గోడకు ఆనుకుని కొలిపించుకుని, పాత కొలతతో పోల్చండి.

ఎక్స్‌రే బాగుంటే రెండో పని, దాగి ఉన్న కారణం వెతకడం. ఈ వెతుకులాట సగం మాటల్లోనే అయిపోతుంది. మొదటి బహిష్టు ఎప్పుడు వచ్చింది, మధ్యలో ఎప్పుడైనా ఆరు నెలలు అంతకు మించి ఆగిపోయాయా, బరువు బాగా తగ్గి ఉన్న కాలం ఉందా, తరచూ విరేచనాలు అవుతాయా, మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చాయా, చిన్నప్పుడు ఎన్నిసార్లు ఎముకలు విరిగాయి, ఇంట్లో ఎవరికైనా తుంటి విరిగిందా అని అడుగుతాను. కళ్ళలో తెల్లగుడ్డు నీలిరంగులో ఉందేమో చూస్తాను. అలా ఉండి చిన్నతనంలో ఎముకలు పదే పదే విరిగితే పుట్టుకతో వచ్చే పెళుసు ఎముకల జబ్బు గుర్తుకు రావాలి. ఆ తరువాత మందుల పేర్లు. మూడు నెలలకు మించి ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు వాడారా, గర్భనిరోధానికి మూడు నెలలకోసారి వేసే హార్మోను ఇంజెక్షన్ తీసుకున్నారా, మూర్ఛకు ఫెనిటాయిన్ వాడారా, థైరాయిడ్ మాత్ర అవసరానికి మించిన మోతాదులో నడుస్తోందా, గర్భంలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చారా. స్టెరాయిడ్ అడిగితే చాలామంది ‘లేదు’ అంటారు. కీళ్ళలో వేసిన ఇంజెక్షన్లు, చర్మానికి వాడిన మాత్రలు వాళ్ళ లెక్కలోకి రావు. విడివిడిగా అడిగితేనే బయటికొస్తాయి.

పరీక్షల విషయంలో నేను మొదట రాసేవి ఇవి: పూర్తి రక్తపరీక్ష, క్రియాటినిన్, కాలేయ పరీక్ష, అల్బుమిన్‌తో కలిపి కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్-డి, రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ హార్మోను, థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్, గోధుమల్లోని గ్లూటెన్ పడక చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ జబ్బుకు చేసే యాంటీబాడీ, 24 గంటల మూత్రంలో కాల్షియం. పురుషులైతే ఉదయంపూట టెస్టోస్టెరాన్ కూడా. వీటిలో ఏ ఒక్కటీ ఖరీదైన వింత పరీక్ష కాదు. కష్టమల్లా వాటిని విడివిడిగా చదవడంలో ఉంది. విటమిన్-డి తక్కువ, కాబట్టి విటమిన్-డి ఇద్దాం. హిమోగ్లోబిన్ తక్కువ, కాబట్టి ఐరన్ ఇద్దాం అని ఒక్కో వరసకు ఒక్కో మాత్ర రాస్తే అసలు జబ్బు తప్పించుకుపోతుంది.

అలా తప్పించుకున్న ఒక కేసు చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆమెకు 36 ఏళ్ళు. చిన్నగా నడుస్తుండగా పాదంలో ఎముక చిట్లింది. స్కాన్‌లో వెన్ను జడ్-స్కోరు −2.7. వేరేచోట ఆస్టియోపొరోసిస్ అని వారపు మాత్ర, విటమిన్-డి ఏడాదిపాటు ఇచ్చారు. ఏడాది తరువాత స్కాన్‌లో మార్పు లేదు, తొడల్లో నొప్పి మాత్రం పెరిగింది. మా దగ్గరికి వచ్చినప్పుడు పాత కాగితాలన్నీ ఒక సంచిలో ఉన్నాయి. వాటిని తేదీలవారీగా బల్ల మీద పరిచాను.

హిమోగ్లోబిన్ 9.6, మూడేళ్ళుగా అంతే. ఐరన్ మాత్రలు వాడినా పెరగలేదు. కాల్షియం 8.5, కింది గీతను ఆనుకుని ఉంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కాస్త ఎక్కువ. విటమిన్-డి ఏడాది వాడాక కూడా 11 మాత్రమే, బాగా తక్కువ. పారాథైరాయిడ్ హార్మోను మామూలు గరిష్ఠానికి రెట్టింపు. కాగితాలన్నీ పక్కపక్కన పెడితే ఒక ప్రశ్న తలెత్తుతుంది: నోటితో ఇచ్చింది ఏదీ రక్తంలోకి ఎందుకు చేరడం లేదు? 24 గంటల మూత్రంలో కాల్షియం 38 మిల్లీగ్రాములే వచ్చింది. పేగు కాల్షియాన్ని పీల్చుకోవడం లేదు, ఉన్న కాస్తనూ శరీరం గట్టిగా పట్టుకుని ఉంది. పారాథైరాయిడ్ హార్మోను పెరిగి ఎముకలోంచి కాల్షియం లాగుతోంది. సీలియాక్ యాంటీబాడీ చాలా ఎక్కువగా వచ్చింది, చిన్నపేగు ముక్క పరీక్ష దాన్ని ధ్రువపరిచింది. ఆమెకు విరేచనాలు ఎప్పుడూ లేవు. పెద్దవాళ్ళలో ఈ జబ్బు రక్తహీనతగానో ఎముకల నీరసంగానో మాత్రమే బయటపడడం అరుదేమీ కాదు.

ఆమె ఎముకల్లో ఉన్నది చాలావరకు ఆస్టియోమలేషియా, అంటే ఖనిజం పట్టని మెత్తని ఎముక. ఇది డెక్సాకు తెలియదు. అది ఖనిజాన్ని మాత్రమే తూచుతుంది. ఎముక మొత్తంగా తగ్గిందా, ఉన్న ఎముకకు ఖనిజం పట్టలేదా అన్న తేడా చెప్పలేదు. రెండింటికీ ఒకే తక్కువ అంకె అచ్చవుతుంది. కానీ చికిత్సలు వేరు. వారపు మాత్ర ఎముక కరగడాన్ని ఆపుతుంది. ఖనిజం అందని ఎముకలో అది చేసే మేలు లేదు, రక్తంలో కాల్షియం ఇంకా పడిపోయే ప్రమాదం ఉంది. ఆమెకు ఆ మాత్ర ఆపేశాం. గ్లూటెన్ లేని ఆహారం, తగిన మోతాదులో విటమిన్-డి, కాల్షియం, ఐరన్ ఇచ్చాం. పద్దెనిమిది నెలలకు వెన్ను సాంద్రత 0.742 నుంచి 0.828కి పెరిగింది, దాదాపు 12 శాతం. తొడ నొప్పి మూడో నెలలోనే తగ్గింది.

ఈ పరీక్షల్లో జారిపోయే చోట్లు రెండు మూడున్నాయి. సీలియాక్ యాంటీబాడీ ఐజీఏ రకానిది. కొందరి రక్తంలో ఐజీఏ మొత్తమే తక్కువ. వాళ్ళకు జబ్బు ఉన్నా పరీక్ష ‘లేదు’ అంటుంది. కాబట్టి మొత్తం ఐజీఏ కూడా అడగాలి. గ్లూటెన్ మానేశాక చేయిస్తే కూడా అదే పొరపాటు జరుగుతుంది, అందుకే పరీక్ష అయ్యేదాకా తిండి మార్చకండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే థైరాయిడ్ పరీక్ష తప్పు చూపించవచ్చు, రెండు మూడు రోజుల ముందే ఆపండి.

ఇంకొకటి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువైతే ల్యాబు గుర్తు పెడుతుంది, తక్కువైతే ఎవరూ పట్టించుకోరు. పదే పదే తక్కువగా వస్తుంటే హైపోఫాస్ఫటేసియా అనే జన్యుజబ్బు ఉందేమో ఆలోచించాలి. పాదం ఎముకలు చిట్లి మానకపోవడం, చిన్నతనంలో పాలపళ్ళు వేరుతో సహా ముందే ఊడిపోవడం దాని గుర్తులు. ఆ జబ్బు ఉన్నవాళ్ళకు వారపు మాత్ర ఇస్తే తొడ ఎముక అసహజంగా విరిగే ప్రమాదం ఉంది. సాంద్రత తక్కువైందని ఇచ్చే మందే ఇక్కడ హాని చేస్తుంది. మీ రిపోర్టులో ఆ అంకె ఎంతో స్వయంగా చూసుకోండి.

ఇప్పుడు అమ్మగారి సంగతి. ఆమె విషయంలో నేను తరచూ వినే పొరపాటు దీనికి తలకిందులుగా ఉంటుంది. ‘జడ్-స్కోరు −0.8 కదా, వయసుకు బాగానే ఉంది, మందు అక్కరలేదు’ అంటారు. ఈడువాళ్ళందరి ఎముకలూ పలచబడినప్పుడు వాళ్ళతో సమానంగా ఉండడం రక్షణ ఏమీ కాదు. ఆమె ఎముక విరిగే ప్రమాదాన్ని చెప్పేది టి-స్కోరు, వయసు, పాత ఫ్రాక్చర్లు. జడ్-స్కోరు ఆమె విషయంలో ఒక్క పనికే ఉపయోగపడుతుంది. పెద్దవాళ్ళలో అది −2 కన్నా కిందికి దిగితే వయసు కాక ఇంకేదో ఉందని అనుమానించాలి. దిగకపోతే ఏమీ లేదని భరోసా కాదు. కొద్దిగా పెరిగిన కాల్షియంతో ఏళ్ళ తరబడి దాగి ఉండే పారాథైరాయిడ్ గడ్డ, రక్తహీనతతో కలిసి వచ్చే మయలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ ఈ వయసులో జడ్-స్కోరు మామూలుగా ఉండగానే కనిపించవచ్చు. కాబట్టి ఆమెకు కూడా మాత్ర మొదలుపెట్టేముందు కాల్షియం, క్రియాటినిన్, విటమిన్-డి, పారాథైరాయిడ్ హార్మోను, రక్తపరీక్ష చూడాలి. రక్తహీనత గానీ కుంగిన పూస గానీ ఉంటే మయలోమాను వెతికే సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫొరెసిస్ కూడా చేయించాలి.

ఆమె స్కాన్‌లో మీరే చూడగలిగినది ఒకటుంది. వెన్నుకు ఇచ్చిన స్కోరు ఎల్1 నుంచి ఎల్4 దాకా నాలుగు పూసల కలిపిన లెక్క. పట్టికలో ఒక్కో పూసకూ విడిగా అంకె ఉంటుంది. పెద్ద వయసులో అరిగిన పూసల అంచుల్లో ఎముక మొలకలు పెరుగుతాయి, ముందున్న మహాధమని గోడలో కాల్షియం పేరుకుంటుంది, కుంగిన పూసలో అదే ఖనిజం తక్కువ చోటులో ఇరుకుతుంది. యంత్రం వీటన్నిటినీ బలంగానే లెక్కగడుతుంది. ఒకావిడకు ఎల్1, ఎల్2లు −2.8, −2.7 ఉండగా ఎల్3 −0.6, ఎల్4 +0.3 వచ్చాయి. నాలుగూ కలిపితే −1.3, ‘ఆస్టియోపీనియా’. పక్క పూసతో పోలిస్తే ఒకటి కన్నా ఎక్కువ తేడా ఉన్న పూసను లెక్కలోంచి తీసేయాలన్నది నియమం. కనీసం రెండు పూసలు మిగలాలి. చివరి రెండూ తీసేస్తే ఆవిడది ఆస్టియోపొరోసిసే. వెన్ను ఇలా చెడిపోయినవాళ్ళలో తుంటి అంకెను ఎక్కువ నమ్ముతాను. తుంటిలోనూ చూడవలసినవి మొత్తం తుంటి, తొడ ఎముక మెడ మాత్రమే. వార్డ్స్ త్రికోణం అనే పెట్టె కూడా పట్టికలో ఉంటుంది. దాని అంకె దాదాపు ఎప్పుడూ అన్నిటికన్నా భయపెట్టేదిగానే ఉంటుంది, నిర్ధారణకు వాడకూడదు.

మీ మాత్ర సంగతికి వస్తాను. ఆ మందు ఎముకలో చేరి ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. మళ్ళీ గర్భం వచ్చే అవకాశం ఉన్న వయసులో అది చిన్న విషయం కాదు. వెన్నుపూస కుంగకపోతే, మీ సాంద్రత రాబోయే నెలల్లో దానంతటదే కొంత పెరిగే అవకాశం ఉండగా దాన్ని మొదలుపెడితే, పెరిగింది మందు వల్లా, పాలు మాన్పించడం వల్లా అన్నది కూడా తెలియకుండా పోతుంది. కుంగిన పూస ఉంటే మాత్రం మందు అవసరం రావచ్చు. ఏ మందు అన్నది ఎముకల జబ్బులు చూసే నిపుణుడితో కూర్చుని తేల్చుకోవలసిన మాట. ఇప్పటికే ఒకటి రెండు మాత్రలు వేసుకుని ఉంటే కంగారు పడకండి, పరీక్షలు తేలేదాకా ఆపవచ్చా అని రాసినవారినే అడగండి.

ఎక్స్‌రేలో ఏమీ లేక, పరీక్షల్లో ఏ కారణమూ దొరకకపోతే, పాలు మాన్పించిన రోజు నుంచి ఏడాది నిండాక, అంటే ఇంకో ఎనిమిది నెలలకు, అదే యంత్రం మీద మళ్ళీ స్కాన్ తీయించండి. వేరే కంపెనీ యంత్రం మీద తీసిన అంకెను దీనితో పోల్చలేం. పోల్చేటప్పుడు స్కోర్లు కాక గ్రాముల అంకె చూడండి. ఒకే మనిషిని వెంటవెంటనే రెండుసార్లు తీసినా కాస్త తేడా వస్తుంది. వెన్నులో ఆ తేడా కేంద్రాన్ని బట్టి 3 నుంచి 5 శాతం దాకా ఉండవచ్చు. మీ 0.755 అప్పుడు 0.77 అయితే మారలేదనే అర్థం. 0.80 దగ్గరికి వస్తే నిజంగా పెరిగినట్టు. అప్పుడు తగ్గుదలలో కొంత పాలిచ్చిన కాలానిదని, మిగిలింది చాలావరకు మీ చిన్న ఎముకలదని అనుకోవచ్చు. 0.72కి దిగితే మాత్రం ఏదో ఇంకా ఎముకను తింటోందని అర్థం. అప్పుడు మొదటి విడతలో చేయని పరీక్షలు, రాత్రి డెక్సామెథసోన్ ఇచ్చి ఉదయం చూసే కార్టిసోల్, మాస్ట్ కణాల జబ్బును వెతికే ట్రిప్టేస్ వంటివి, చేయించాలి. ఎక్స్‌రే ఫలితం వచ్చాక ఇక్కడే రాయండి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అంకె కూడా దానితో పాటు పెట్టండి.